ఏడు మార్కుల నొప్పి, నాలుగు మార్కుల గాయం

జిమ్‌లో చేరిన మూడో రోజుకే మెట్లు దిగలేకపోతున్నానని, ఇది మామూలు నొప్పేనా లేక లోపల ఏదైనా తెగిందా అని మీరు అడిగారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది మామూలు నొప్పే. అయితే ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. "మామూలే, రెండు రోజుల్లో పోతుంది" అన్న మాట పట్టుకుని, నిజంగా తెగిన కండరాన్ని గట్టిగా పిసికించుకున్న ఒకాయన నా దగ్గరికి వచ్చారు. ఆయన ఒంట్లో మామూలు నొప్పి, అసలు గాయం రెండూ ఒకేసారి ఉన్నాయి. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి అంతకంటే మంచి కేసు నాకు దొరకదు. ఆయన అనుమతితో, ఆనవాలు పట్టే వివరాలు తీసేసి, దాన్నే మీకు రాస్తున్నాను.

ఆయన వయసు 41. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. బీపీ, షుగర్ లేవు. రోజూ వేసుకునే మందులు లేవు. వ్యాయామం అంటే అప్పుడప్పుడు నడక, అంతే. సోమవారం సాయంత్రం జిమ్‌లో మొదటిసారి స్క్వాట్లు, లంజెస్, లెగ్ ప్రెస్ చేశారు. బరువులు పెద్దవేమీ కావు. చేస్తున్నప్పుడు కాళ్లు వణికాయి గానీ ఎక్కడా చురుక్కుమనలేదు. ఇంటికి ఉత్సాహంగా వెళ్లారు, హాయిగా నిద్రపోయారు. మంగళవారం పొద్దున్న మంచం దిగేసరికి రెండు తొడలూ బిగుసుకుపోయి ఉన్నాయి. బుధవారానికి అది బాగా ముదిరింది. కుర్చీలో కూర్చోవాలంటే రెండు చేతులూ ఆనించాలి, మెట్లు దిగాలంటే పిట్టగోడ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కొక్కటే దిగాలి.

అయినా బుధవారం సాయంత్రం జిమ్ మానలేదు. కదిలిస్తేనే నొప్పి వదులుతుందని తోటివాళ్లు చెప్పారట. ఆ మాటలో నిజం ఉంది, కానీ దానికి ఆయన ఎంచుకున్నది స్కిప్పింగ్. తాడు ఆడటం మొదలుపెట్టిన కాసేపటికి ఎడమ పిక్కలో టప్పున ఏదో తగిలింది. ఎవరైనా వెనక నుంచి ఏదైనా విసిరారేమోనని ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ లేరు. నా దృష్టిలో సగం నిర్ధారణ ఆ వెనక్కి తిరిగి చూడటంలోనే ఉంది. పిక్క కండరం తెగినవాళ్లలో చాలామంది ఇదే చెబుతారు, రాయి తగిలినట్టు, ఎవరో తన్నినట్టు అనిపించి వెనక్కి చూశామని.

అప్పుడు ఆయన అనుకున్నదేమిటంటే, ఎలాగూ కాళ్లు నొప్పులుగానే ఉన్నాయి, ఇదీ అందులో భాగమే అని. ఆ రాత్రి వేడినీళ్ల సంచి పెట్టుకున్నారు. మర్నాడు ఇంట్లోవాళ్ల చేత పిక్కకు నూనె రాయించి గట్టిగా మర్దన చేయించుకున్నారు. శుక్రవారం పొద్దున్న చూస్తే ఎడమ చీలమండ లోపలి వైపు ఊదారంగు మచ్చ. అప్పుడు భయపడి, చీలమండ బెణికిందేమో చూడమని నా దగ్గరికి వచ్చారు.

పదికి ఎన్ని మార్కులు వేస్తారని నేను ప్రతి ఒక్కరినీ అడుగుతాను. తొడల నొప్పికి ఏడు వేశారు. పిక్కకు నాలుగు. కూర్చుని ఉంటే పిక్క అసలు గుర్తే రావడం లేదన్నారు. మీకు ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఈ మార్కులే. ఏడు మార్కుల చోట గాయం లేదు, నాలుగు మార్కుల చోట ఉంది. నొప్పి తీవ్రతను బట్టి గాయాన్ని అంచనా వేసే అలవాటు మనందరిదీ. కండరాల విషయంలో ఆ కొలత తరచూ తప్పుతుంది. నేను చూసేది మూడు విషయాలు: ఆ నొప్పి ఎప్పుడు, ఎలా మొదలైంది, వేలితో చూపించమంటే ఎంత మేర చూపిస్తున్నారు, సాగదీస్తే, బరువు వేస్తే కండరం ఏం చేస్తోంది.

ముందు తొడల సంగతి చూద్దాం, మీకు కావలసింది అదే కాబట్టి. నొప్పి ఎక్కడో చూపించమన్నాను. రెండు అరచేతులూ రెండు తొడల మీద పరిచి మోకాలి పైనుంచి గజ్జల దాకా నిమిరి చూపించారు. రెండు వైపులా ఒకే తీరు, ఒకే మేర. నేను నొక్కితే ఎక్కడ నొక్కినా నొప్పే, కానీ ఒకచోట ఉలిక్కిపడటం, మరోచోట ఏమీ లేకపోవడం అన్నది లేదు. బోర్లా పడుకోబెట్టి మడమను పిరుదు వైపు వంచితే బిగువు, లాగుడు ఉన్నాయి, కానీ మెల్లగా వంచితే మొత్తం వంగింది. కూర్చుని నా చేతికి ఎదురుగా మోకాలు చాపమంటే బలం కాస్త తగ్గి ఉంది, రెండు కాళ్లలోనూ సమానంగా. వాపు, కమలడం లేవు. గదిలో నాలుగు సార్లు అటూ ఇటూ నడిపించి మళ్లీ కూర్చోమంటే మొదటిసారి కంటే తేలిగ్గా కూర్చున్నారు. మామూలు నొప్పికి ఇది మంచి గుర్తు. కదిలేకొద్దీ వదులుతుంది, కాసేపు కూర్చుంటే మళ్లీ బిగుసుకుంటుంది.

ఈ నొప్పి ఎందుకు వస్తుందో చెబుతాను. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లనని జిమ్‌లో మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కాదు. వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో అది రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి మొదలయ్యేది మర్నాడు. 1983లో జరిగిన ఒక ప్రయోగంలో కొందరిని సమతలం మీద, వాలు మీద కిందికి పరుగెత్తించి చూశారు. సమతలం మీద పరుగెత్తినప్పుడు లాక్టిక్ ఆమ్లం పెరిగింది, నొప్పులు రాలేదు. వాలు మీద దిగినప్పుడు అది పెరగలేదు, నొప్పులు వచ్చాయి. అంతకు చాలా ముందే, 1902లో, థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ ఆలస్యపు నొప్పి గురించి రాస్తూ కండరం లోపల జరిగే చిన్న చిన్న చీలికలే దీనికి కారణమై ఉంటాయని ఊహించాడు. దాదాపు ఆ దారిలోనే ఇప్పటి అవగాహనా ఉంది. కండరం బరువును మోస్తూనే పొడవు సాగాల్సి వచ్చినప్పుడు, అంటే స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, బరువును మెల్లగా దించేటప్పుడు, అలవాటు లేని కండర పోగుల్లో సూక్ష్మదర్శినికి మాత్రమే కనిపించే నలుగుళ్లు ఏర్పడతాయి. శరీరం వాటిని బాగుచేసే పనిలో కొద్దిగా వాపు, నరాల్లో సున్నితత్వం వస్తాయి. ఆ పని ఊపందుకోవడానికి సమయం పడుతుంది కాబట్టే నొప్పి 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, రెండో రోజో మూడో రోజో శిఖరానికి చేరి, వారం లోపు సర్దుకుంటుంది. అలిపిరి మెట్లదారిలో తిరుమల ఎక్కి బస్సులో దిగినవారి కంటే, నడిచి దిగినవారికి తొడల ముందు భాగం ఎక్కువగా పట్టేసేది అందుకే.

ఇక పిక్క. ఎక్కడ నొప్పి అంటే ఈసారి అరచెయ్యి కాదు, ఒక్క వేలు పెట్టి చూపించారు. పిక్క లోపలి వైపు, కండ ముగిసి నరంలా గట్టిపడే చోటుకు కాస్త పైన. నేను నొక్కితే రెండు వేళ్ల వెడల్పు చోట మాత్రమే కాలు వెనక్కి లాక్కున్నారు. దానికి అంగుళం పక్కన నొక్కితే ఏమీ లేదు. పక్క కాలి పిక్క తొడల్లాగే కొద్దిగా పట్టేసి ఉందే తప్ప అలాంటి చోటు లేదు. మోకాలు చాపి ఉంచి పాదాన్ని పైకి వంచితే నొప్పి చురుక్కుమంది, మోకాలు వంచి అదే పని చేస్తే చాలావరకు తగ్గింది. పిక్కలో రెండు ప్రధాన కండరాలున్నాయి. పైదాని మొదలు మోకాలికి పైన ఉంటుంది, లోపలిది మోకాలికి కిందే మొదలవుతుంది. మోకాలు చాపినప్పుడే నొప్పి ఎక్కువైతే గాయం పైదానిలో ఉందని ఒక సూచన.

చివరి పరీక్ష మడమలు ఎత్తడం. రెండు కాళ్ల మీద నిలబడి ఎత్తమంటే ఎత్తారు, కానీ బరువంతా కుడి కాలి మీదికి తోసేశారు. కుడి కాలు ఒక్కదాని మీద తొడల నొప్పితోనే పది సార్లు ఎత్తగలిగారు. ఎడమ కాలి మీద ఒక్కసారి కూడా మడమ నేల వదల్లేదు. మామూలు నొప్పి ఉన్న కండరం మూలుగుతూనైనా పని చేస్తుంది, తెగిన కండరం పని ఆపేస్తుంది. ఇద్దరి ముందూ ఈ తేడా అంత స్పష్టంగా కనబడిన తర్వాత ఆయనకు నేను వేరే వివరించాల్సిన అవసరం లేకపోయింది.

చీలమండ దగ్గరి మచ్చ చీలమండది కాదు. పిక్కలో చిట్లిన రక్తం పొరల మధ్య నుంచి కిందికి జారి రెండు రోజులకు అక్కడ తేలింది. కీలు మీద ఎక్కడ నొక్కినా నొప్పి లేదు, అన్ని వైపులా తిరిగింది. ఇలా గాయం ఒకచోట, మచ్చ మరోచోట కనిపించి చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది.

చికిత్సకు ముందు రెండు అనుమానాలు తీర్చుకోవాలి. మొదటిది మడమ వెనకుండే పెద్ద స్నాయువు, దాన్నే అకిలిస్ అంటాం. అది తెగినా టప్పుమన్న శబ్దం, వెనక నుంచి తన్నిన భావన ఇలాగే ఉంటాయి. బోర్లా పడుకోబెట్టి పాదాలు మంచం అంచు నుంచి వేలాడుతుండగా పిక్కను చేత్తో పిండాను. పాదం కిందికి వంగింది, అంటే స్నాయువు అతుక్కునే ఉంది. కదలకపోయి ఉంటే ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి పంపేదాన్ని.

రెండోది కాలి లోతు సిరల్లో రక్తం గడ్డకట్టడం. పిక్క నొప్పి, వాపు, వేడి దానిలోనూ ఉంటాయి. గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. మోకాలి కింది ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగువన రెండు పిక్కల చుట్టుకొలతా టేపుతో కొలిచాను. ఎడమది ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ. మూడు దాటితే అనుమానం బలపడుతుంది. ఆయనకు స్పష్టమైన దెబ్బ కథ ఉంది, ఆయాసం లేదు, కాలు మొత్తం వాయలేదు. అయినా గట్టి మర్దన జరిగిన కాలు, రెండు రోజులుగా సరిగా కదలని కాలు, కాబట్టి చేత్తో చూసి తేల్చేయడం నాకు నచ్చలేదు. డాక్టరుకు చీటీ రాసి పంపితే స్కానింగ్ చేయించారు. పై కండరం లోపలి పాయలో పాక్షికంగా తెగుడు, చుట్టూ కొద్దిగా రక్తం. సిరల్లో గడ్డ లేదు.

ఒకే కాలికి నేను రెండు రకాల సలహాలు ఇవ్వాల్సి వచ్చింది. తొడలకు కదలిక కావాలి, వేడి పెట్టుకున్నా నష్టం లేదు, మెల్లగా నిమిరినా హాయిగానే ఉంటుంది. పిక్కకు వేడి, నిమరడం రెండూ మొదటి మూడు రోజుల్లో చెడ్డవే. అప్పుడే తెగిన చోట వేడి, మర్దన రక్తస్రావాన్ని పెంచుతాయి. ఆయనకు మచ్చ అంత తొందరగా, అంత వెడల్పుగా రావడంలో గురువారం నాటి నూనె మర్దనకు భాగం ఉందనే నా నమ్మకం.

పిక్కకు పట్టీ చుట్టి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోమన్నాను. రెండు చెప్పుల్లోనూ మడమ కింద సెంటీమీటరు మందం ముక్క వేసుకోమన్నాను, దానితో నడిచేటప్పుడు పిక్క మీద సాగు తగ్గుతుంది. ఒక్క చెప్పులోనే వేస్తే నడుము వంకరపోతుంది. కుంటకుండా నడవగలిగినంత దూరమే నడవాలి. పాదం పైకీ కిందికీ ఆడించడం రోజంతా మధ్యమధ్యలో. సాగదీసే వ్యాయామాలు మాత్రం వద్దన్నాను. పట్టేసినట్టు అనిపిస్తే సాగదీయాలనే కోరిక పుడుతుంది, కానీ అతుక్కుంటున్న అంచులను రోజూ లాగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మూడో రోజు దాటాక పాదం ముందు భాగాన్ని గోడకు నొక్కి పట్టుకోవడం మొదలైంది, కండరం పొడవు మారకుండా పని చేసేలా. నొప్పి మూడు మార్కులు దాటకూడదు, మర్నాటి పొద్దున్నకు ముందు రోజు కంటే ఎక్కువ ఉండకూడదు, ఈ రెండు షరతుల మీదే ప్రతి మెట్టూ ఎక్కించాను. తర్వాత కూర్చుని మడమలు ఎత్తడం, ఆ తర్వాత నిలబడి రెండు కాళ్ల మీద, ఆ తర్వాత రెండు కాళ్లతో ఎత్తి ఎడమ ఒక్కదాని మీద మెల్లగా దించడం. రెండో వారం చివరికి కుంటు పోయింది. ఆయనకు అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది. నొప్పి లేదు కాబట్టి నయమైపోయిందనుకుని తాడు తీయబోయారు. నడకకు సరిపోయిన అతుకు గెంతడానికి సరిపోదు. తెగిన పిక్క కండరం మళ్లీ తెగేది ఎక్కువగా ఈ దశలోనే. ఆరో వారానికి ఎడమ కాలి మీద ఒక్కదానితో 20 సార్లు, కుడికి సమానమైన ఎత్తులో, నొప్పి లేకుండా మడమ ఎత్తగలిగారు. అప్పుడు నెమ్మది పరుగు, ఎనిమిదో వారంలో స్కిప్పింగ్. చేతులు, వీపు వ్యాయామాలు ఆయన మొదటి వారం నుంచే కూర్చుని చేస్తూ వచ్చారు. జిమ్ మానాల్సిన అవసరం రాలేదు.

తొడల నొప్పి ఆ ఆదివారానికే పోయింది. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, వారాల తర్వాత మళ్లీ అవే స్క్వాట్లు చేసినప్పుడు మర్నాడు నొప్పి రెండు మార్కులు కూడా రాలేదు. ఒకసారి నలిగి కోలుకున్న కండరం అదే పనికి కొన్ని వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు, తట్టుకునే శక్తి తెచ్చుకుంటుంది. అందుకే మొదటి రోజు రెండు సెట్లతో సరిపెట్టుకున్నా ఫలితం దక్కుతుంది. మొదటి రోజే కాళ్లు విరిగేలా చేయించడం గొప్ప అనుకునే శిక్షకులతో నాకు పేచీ ఉంది.

పిక్క ఎందుకు తెగిందన్నది కూడా మీకు పనికొస్తుంది. మామూలు నొప్పి గాయం కాదు గానీ, గాయానికి దారి తీయగలదు. బిగుసుకున్న తొడలు మోకాలు సరిగా వంగనివ్వవు, దాంతో గెంతి దిగినప్పుడు ఆ అదురును మోకాలు, తొడ మింగాల్సింది పోయి చాపిన మోకాలి కింద పిక్క ఒక్కటే మోసింది. పైగా పట్టేసిన కండరాల్లో బలం, పట్టు రెండూ తాత్కాలికంగా తగ్గి ఉంటాయి. నలభై దాటినవాళ్లలో ఈ పిక్క గాయం తరచూ కనిపించేదే. ఆయన బుధవారం స్కిప్పింగ్ బదులు 15 నిమిషాలు సైకిల్ తొక్కి ఉంటే కదలికా దొరికేది, ఇదీ జరిగేది కాదు.

ఇప్పుడు మీ సంగతి. మీ నొప్పి మర్నాడు మొదలైంది, రెండు తొడల్లోనూ ఉంది, కాసేపు నడిస్తే వదులుతోందన్నారు. కాబట్టి రేపు జిమ్‌కు వెళ్లండి. తేలిగ్గా సైకిల్ తొక్కండి, చేతుల వ్యాయామాలు చేయండి, గెంతడం, పరుగు, లంజెస్ ఈ వారానికి వద్దు. వచ్చే సోమవారం స్క్వాట్లు మొదటి రోజు చేసిన దాంట్లో సగం.

ఒక్క విషయం మాత్రం రోజూ గమనించండి, మూత్రం రంగు. తీవ్రంగా నలిగిన కండరం నుంచి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి కారి మూత్రపిండాలను దెబ్బతీసే పరిస్థితి ఒకటుంది. అరుదే, కానీ అది పట్టుకునేది ఎక్కువగా కొత్తవాళ్లను, చాలాకాలం మానేసి ఒక్కసారిగా తిరిగి మొదలుపెట్టినవాళ్లను, ఎండాకాలంలో నీళ్లు తాగకుండా చేసేవాళ్లను. మూత్రం డికాషన్ రంగులోకి మారినా, తొడలు రాయిలా ఉబ్బి మోకాలు వంచలేకపోయినా, నొప్పి మూడో రోజు తర్వాత తగ్గకపోగా పెరుగుతున్నా నాకు ఫోను చేయకండి, నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ కండరం ఎంత నలిగిందో చెప్పే సీకే అనే రక్తపరీక్ష చేసి, కావలసివస్తే సెలైన్ ఎక్కిస్తారు. ఈలోగా నొప్పి మాత్రలు మీకు మీరే వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు వాటిలో చాలా రకాలు మూత్రపిండాల మీదే భారం వేస్తాయి.

టప్పుమన్న శబ్దం, ఒక్క వేలితో చూపించగల చోటు, ఒక కాలి మీద మాత్రమే ఎత్తలేకపోవడం, కీలు వాపు, తిమ్మిరి, వీటిలో ఏది కనిపించినా నా దగ్గరికి రండి. వచ్చేలోగా అక్కడ నూనె రాయకండి.